వరస మారితే మిగిలేది ఏమిటి?

ఇంట్లో పేకల కట్ట ఉంటే రెండు, అయిదు, తొమ్మిది అంకెలున్న మూడు ముక్కలు తీసి బల్ల మీద వరసగా పెట్టుకోండి. పేక లేకపోతే మూడు కాగితం ముక్కల మీద అంకెలు రాసుకున్నా సరే. చదువుతూ పోతే ఈ వ్యాసం పావువంతే అర్థమవుతుంది. చేత్తో కదిపి చూస్తే మొత్తం అర్థమవుతుంది.

ఇప్పుడు బల్ల మీద 2 5 9 అని ఉంది. వీటిని పేర్చే విధాలు ఆరు. ఇంటర్‌లో ప్రస్తారాలు చదివినవాళ్లకు 3 × 2 × 1 అన్న లెక్క గుర్తుండే ఉంటుంది. అయితే మనం చూడబోయేది ఆరు వరసల్ని కాదు, ఆరు పనుల్ని. ఒక వరసలోంచి ఇంకో వరసలోకి తీసుకెళ్లే పనులవి. వాటికి పేర్లు పెట్టుకుందాం. మొదటి రెండు చోట్ల ఉన్న ముక్కల్ని తారుమారు చేయడం ‘ముందు మార్పు’. చివరి రెండు చోట్లవి తారుమారు చేస్తే ‘వెనక మార్పు’. రెండు కొసలనూ మార్చి నడిమి ముక్కను వదిలేస్తే ‘కొసల మార్పు’. చివరి ముక్కను తీసి ముందుకు తెచ్చి మిగతా రెండింటినీ ఒక్కో అడుగు కుడికి జరిపితే ‘కుడి తిప్పు’. మొదటి ముక్కను చివరకు పంపితే ‘ఎడమ తిప్పు’. ఆరోది ఏమీ చేయకపోవడం. దాన్ని కూడా పనిగానే లెక్కపెట్టాలి, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

పేరు చోటును బట్టి పెట్టాం, ముక్కను బట్టి కాదు. ‘ముందు మార్పు’ అంటే ఎప్పుడైనా సరే మొదటి రెండు చోట్లలో ఉన్నవాటిని మార్చడమే, అక్కడ ఏ అంకె ఉన్నా. ఈ సంగతి మరిచిపోతే లెక్క రెండో అడుగులోనే తప్పుతుంది.

ఏ రెండు పనులు వెంటవెంటనే చేసినా ఈ ఆరింటిలో ఏదో ఒక పని చేసినట్టే అవుతుంది. ఏ పనినైనా రద్దు చేసే పని కూడా ఇందులోనే ఉంది. మార్పుల్లో ప్రతిదీ తనను తానే రద్దు చేసుకుంటుంది, రెండోసారి చేస్తే మొదటికొస్తాం. కుడి తిప్పును ఎడమ తిప్పు రద్దు చేస్తుంది. ఇలా గుమిగూడి గడప దాటకుండా ఉండే పనుల గుంపును గణితంలో సమూహం అంటారు. ఈ ఆరు పనుల సమూహానికి పేరు S₃.

వరస తేడా ఎంతో ఇప్పుడు చూద్దాం. ముందు మార్పు చేసి, తర్వాత వెనక మార్పు చేయండి. 2 5 9 కాస్తా 5 2 9 అయి, ఆపైన 5 9 2 అవుతుంది. మళ్లీ 2 5 9 పేర్చి, ఈసారి వెనక మార్పుతో మొదలుపెట్టి ముందు మార్పుతో ముగించండి. 2 9 5, ఆపైన 9 2 5. అవే రెండు పనులు, ఫలితాలు వేరు. కూడికలో ఇలా జరగదు. మూడూ నాలుగూ కలిపినా, నాలుగూ మూడూ కలిపినా ఏడే. బడి పుస్తకాల్లో దీన్నే వినిమయ న్యాయం అన్నారు. S₃ ఆ న్యాయాన్ని పాటించదు.

పాటించదని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఎంత మేరకు పాటించదు? ఆ తేడాను కొలిచే సాధనం ఒకటుంది, దాని పేరు కమ్యుటేటర్. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్‌లు రాసుకునే రాగి భాగాన్నీ మెకానిక్‌లు కమ్యుటేటర్ అనే అంటారు. పేరు ఒకటే అయినా దానికీ దీనికీ పోలిక వెతకకండి.

డబ్బాలో బియ్యం పోసి మూత పెట్టాం అనుకోండి. మొదటికి రావాలంటే ముందు మూత తీసి, తర్వాత బియ్యం వంపాలి. చివర చేసిన పనిని మొదట రద్దు చేయాలన్నది వంటింట్లో అందరికీ తెలిసిన సంగతే. కమ్యుటేటర్ ఈ క్రమాన్ని కావాలనే తప్పుతుంది. మొదటి పని చేస్తాం, రెండో పని చేస్తాం, మొదటి దాన్ని రద్దు చేస్తాం, తర్వాత రెండోదాన్ని రద్దు చేస్తాం. వరసతో నిమిత్తం లేని పనులైతే ఇలా చేసినా బయల్దేరిన చోటికే వస్తాం. నిమిత్తం ఉంటే ఏదో మిగిలిపోతుంది. ఆ మిగులే కమ్యుటేటర్. రద్దుల్ని అలవాటు కొద్దీ సరైన క్రమంలో, అంటే రెండోదాన్ని ముందు రద్దు చేస్తే ప్రతిసారీ మొదటికే వస్తుంది. డిగ్రీలో నేను మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు ముప్ఫయ్యారు చోట్లా ‘ఏమీ లేదు’ అని రాసి, ఎంత సులువుగా అయిపోయిందో అని మురిసిపోయాను.

ముందు మార్పుకూ వెనక మార్పుకూ కమ్యుటేటర్ లెక్కిద్దాం. మార్పు తనను తానే రద్దు చేసుకుంటుంది కాబట్టి చేయాల్సింది ముందు, వెనక, ముందు, వెనక. బల్ల మీద చూడండి:

2 5 9 → 5 2 9 → 5 9 2 → 9 5 2 → 9 2 5

చివరికి వచ్చింది 9 2 5. తొమ్మిది చివరి నుంచి ముందుకొచ్చింది, మిగతావి ఒక్కో అడుగు జరిగాయి. అంటే కుడి తిప్పు. ఈ రెండు మార్పుల మధ్య వరస తేడా ఖరీదు సరిగ్గా ఒక కుడి తిప్పు. సరిచూసుకోవడం కూడా తేలికే. కుడి తిప్పుతో మొదలుపెట్టి, వెనక మార్పు, ముందు మార్పు చేయండి: 9 2 5, ఆపైన 9 5 2, ఆపైన 5 9 2. ఇందాక ‘ముందు, వెనక’ క్రమంలో చేసినప్పుడు వచ్చింది ఇదే.

మార్పుకూ తిప్పుకూ మధ్య ఎలా ఉంటుంది? ముందు మార్పు, కుడి తిప్పు, మళ్లీ ముందు మార్పు, చివర కుడి తిప్పును రద్దు చేసే ఎడమ తిప్పు. 2 5 9 నుంచి 5 2 9, తర్వాత 9 5 2, తర్వాత 5 9 2, చివరికి 9 2 5. మళ్లీ కుడి తిప్పే.

ఆరు పనుల నుంచి మొదటిది, రెండోది ఎంచుకునే విధాలు 36. అన్నీ చేసి చూడొచ్చు, ఒక ఆదివారం మధ్యాహ్నం పని. కాస్త ఆలోచిస్తే అంత అక్కర్లేదు. ఏమీ చేయకపోవడం ఒక పక్కన ఉంటే మిగులు ఉండదు, అలాంటివి 11. ఒక మార్పుకు తనతోనే తగువు లేదు, అవి 3. తిప్పులు రెండూ తమలో తాము తగువు పడవు, అవి 4. ఈ 18 చోట్లా మిగిలేది ఏమీ లేదు. వేర్వేరు మార్పులు రెండు ఎదురైన చోట్లు 6, మార్పూ తిప్పూ ఎదురైన చోట్లు, ఏది ముందన్నదీ లెక్కలోకి తీసుకుంటే, 12. ఈ 18 చోట్లా తిప్పు మిగులుతుంది. సగం చోట్ల కుడి తిప్పు, సగం చోట్ల ఎడమ తిప్పు. ఎందుకంటే పనుల క్రమం తారుమారు చేస్తే మిగులు కూడా తిరగబడుతుంది. ముందు, వెనక బదులు వెనక, ముందు అని లెక్కించి చూడండి, ఎడమ తిప్పు వస్తుంది.

గమనించారా, 36 చోట్ల ఒక్క చోట కూడా మార్పు మిగల్లేదు. ఇది యాదృచ్ఛికం కాదు. కమ్యుటేటర్‌లో ఒక పనీ దాని రద్దూ జంటగా వస్తాయి. పనికి ఎన్ని మార్పులు పట్టాయో రద్దుకూ అన్నే పడతాయి. కాబట్టి మొత్తం మార్పుల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే. ఒంటరి మార్పు బేసి. సరి లెక్కలోంచి బేసి ఎలా పుడుతుంది?

ఈ వాదంలో ఒక కంత ఉంది, చురుకైన పాఠకులు ఇప్పటికే పట్టుకుని ఉంటారు. ఒకే పనిని ఒకసారి సరి మార్పులతో, ఇంకోసారి బేసి మార్పులతో చేయగలిగితే? అప్పుడు సరి, బేసి అన్న మాటకే అర్థం ఉండదు. ఆ కంత పూడ్చడానికి ముక్కల మీద అంకెలు పనికొస్తాయి. మొదటిదాన్లోంచి రెండోది, మొదటిదాన్లోంచి మూడోది, రెండోదాన్లోంచి మూడోది తీసివేసి, వచ్చిన మూడింటినీ గుణించండి. 2 5 9 కి (−3) × (−7) × (−4), అంటే −84. ముందు మార్పు తర్వాత 5 2 9 కి 3 × (−4) × (−7), అంటే +84. కుడి తిప్పు తర్వాత 9 2 5 కి 7 × 4 × (−3), మళ్లీ −84. ఏ వరసలోనైనా 84 మారదు, గుర్తు ఒక్కటే మారుతుంది. ప్రతి మార్పూ గుర్తును తప్పక తిప్పుతుంది. వరస తెలిస్తే గుర్తు తెలుస్తుంది, గుర్తు తెలిస్తే పట్టిన మార్పులు సరా, బేసా అన్నది తెలుస్తుంది. దొంగ లెక్కకు చోటు లేదు.

ఇక కమ్యుటేటర్లన్నీ ఒక చోట చేర్చండి. ఏమీ చేయకపోవడం, కుడి తిప్పు, ఎడమ తిప్పు. ఈ మూడింటిలో ఏ రెండు కలిపినా ఈ మూడింటిలోనే ఏదో ఒకటి వస్తుంది కాబట్టి ఇది S₃ లోపలి చిన్న సమూహం, ఉపసమూహం. దీన్ని కమ్యుటేటర్ ఉపసమూహం అంటారు. మరో పేరు A₃. కమ్యుటేటర్లను పోగేస్తే చాలు, ఉపసమూహం వచ్చేస్తుందని దీన్ని చూసి సూత్రం కట్టకూడదు. ఇక్కడ కలిసొచ్చింది. మామూలుగా వాటిని ఒకదానితో ఒకటి కలపగా వచ్చేవాటిని కూడా చేర్చుకోవాలి. అలా చేర్చుకోక తప్పని సమూహాల్లో అన్నిటికన్నా చిన్నదానికి 96 పనులున్నాయి. చేత్తో చేసుకునే ఉదాహరణల్లో అది ఎదురుకాదు కనక చాలామంది ఈ షరతును చదివి మరిచిపోతారు.

వరస తేడా ఎక్కడుందో దొరికింది. ఇప్పుడు దాన్ని పట్టించుకోవడం మానేద్దాం. ఒక గుమాస్తా మీ పక్కన కూర్చుని మీరు చేసే ప్రతి పనికీ చిట్టాలో ఒక పద్దు రాస్తున్నాడనుకోండి. అతని చిట్టా కూడికల చిట్టా, వరసతో దానికి పని లేదు. రెండు పనులు కలిపి చేస్తే పద్దులు కూడాలి, అంతే నియమం. అతను ఎంత వివరంగా రాయగలడు?

ముందు మార్పుకు ‘ము’ అని, వెనక మార్పుకు ‘వె’ అని రాశాడు. రెండుసార్లు చేస్తే మొదటికొస్తాం కాబట్టి ము + ము సున్నా, వె + వె సున్నా. ఇంకో సంగతి బల్ల మీద చూడండి. ముందు, వెనక, ముందు చేస్తే 5 2 9, 5 9 2, 9 5 2. వెనక, ముందు, వెనక చేస్తే 2 9 5, 9 2 5, 9 5 2. రెండూ కొసల మార్పే. పని ఒకటే అయినప్పుడు పద్దూ ఒకటే కావాలి. కనక ము + వె + ము = వె + ము + వె. కూడికలో వరస లేదు కాబట్టి రెండు వైపులా ఒక ‘ము’, ఒక ‘వె’ కొట్టేయొచ్చు. మిగిలింది ము = వె.

గుమాస్తా ఎంత ప్రయత్నించినా ముందు మార్పునూ వెనక మార్పునూ వేరుగా రాయలేడు! కొసల మార్పు పద్దు మూడు ‘ము’లు, అంటే ఒక్క ‘ము’. తిప్పుల పద్దు రెండు ‘ము’లు, అంటే సున్నా. చిట్టాలో వచ్చే పద్దులు రెండే, సున్నా, ము. ఆ ‘ము’ కూడా సున్నాయేమో అన్న అనుమానం అక్కర్లేదు. 84 ముందున్న గుర్తు మారడం చూశాం కదా, ప్లస్ మైనస్‌ల తేడాను రాసుకునే చిట్టా ఒకటి నిజంగానే ఉంది.

ఆరు పనులు రెండు మూటలయ్యాయి. తిప్పులూ ఏమీ చేయకపోవడమూ ఒక మూట, మార్పులు మూడూ ఇంకో మూట. మార్పు మీద మార్పు చేస్తే తిప్పుల మూటలో పడతాం, బేసి, బేసి కలిస్తే సరి అయినట్టు. ఇలా కమ్యుటేటర్ ఉపసమూహాన్ని సున్నా చేసి మిగిలినదాన్ని చూడటమే ఎబీలియనైజేషన్. 26 ఏళ్లకే చనిపోయిన నార్వే గణితవేత్త నీల్స్ హెన్రిక్ ఏబెల్ పేరు మీద వరసకు లొంగని సమూహాలను ఎబీలియన్ సమూహాలంటారు, ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. 6 ను 3 తో భాగిస్తే 2. S₃ ఎబీలియనైజేషన్ రెండే పనులున్న సమూహం.

ఇంత నష్టం ఎందుకు, ఇంకా కాస్త తక్కువ పారేసి వరస గొడవ వదిలించుకోలేమా అని అడిగేవాళ్లుంటారు. తిప్పుల్ని వదిలేసి ఒక్క ముందు మార్పును సున్నా చేద్దాం, మూడు మూటలు మిగులుతాయి కదా అని. చేసి చూడండి. వెనక, ముందు, వెనక చేస్తే కొసల మార్పు. మధ్యలోని ముందు మార్పు సున్నా అయితే మిగిలేది వెనక, వెనక, అంటే ఏమీ లేదు. కొసల మార్పు కూడా సున్నా అయిపోయింది. ముందు, కొసలు, ముందు చేస్తే వెనక మార్పు, అదీ పోయింది. చివరికి ఆరూ సున్నా. ఒక మార్పును చెరిపితే ఇల్లంతా కూలుతుంది. తిప్పుల మూట అలా కాదు. దాన్ని అటూ ఇటూ మార్పులతో చుట్టినా, కుడి తిప్పు ఎడమ తిప్పుగా మారుతుందే గానీ మూట దాటి పోదు. అందుకే దాన్ని సున్నా చేయడం చెల్లుతుంది. పైగా అది తప్పనిసరి కూడా. వరస పట్టని ఏ చిట్టాలోనైనా కమ్యుటేటర్ పద్దు సున్నా అయి తీరాలి.

ఇదంతా ముక్కలతో ఆటగా మిగిలిపోలేదు. 2, 5, 9 మూలాలుగా ఉన్న ఘన సమీకరణం x³ − 16x² + 73x − 90 = 0. ఇందులో 16 మూలాల మొత్తం, 90 వాటి లబ్ధం. మూలాలను ఏ వరసలో పెట్టినా ఇవి మారవు. కార్డానో 1545లో అచ్చువేసిన సూత్రంతో ఇలాంటి సమీకరణాన్ని సాధించబోతే మొదట ఒక వర్గమూలం ఎదురవుతుంది. ఆ వర్గమూలం గుర్తులోపల దాగి ఉన్నది 7056, అంటే 84 వర్గం, ఒక స్థిర సంఖ్యతో గుణించి ఉంటుంది. వర్గమూలానికి ప్లస్, మైనస్ రెండు విలువలుంటాయి. ఆ రెండూ మన రెండు మూటలే. ఆ తర్వాత వచ్చే ఘనమూలం, వదిలేసిన మూడు తిప్పుల సంగతి చూసుకుంటుంది. తిప్పుల్లో వరస తేడా లేదు కాబట్టి వాటి కమ్యుటేటర్లన్నీ ఏమీ లేకపోవడమే. 6, 3, 1 అని రెండు మెట్లలో దిగిపోయాం, సూత్రంలో రెండు మూలాలు చాలాయి.

అయిదు ముక్కలకు దిగుడు ఆగిపోతుంది. 120 పనుల నుంచి కమ్యుటేటర్లు తీస్తే 60 వస్తాయి. ఆ 60 లోంచి మళ్లీ తీస్తే మళ్లీ 60 మందే. మెట్టు లేదు. అయిదో ఘాత సమీకరణానికి మూలాల గుర్తులతో సాధారణ సూత్రం లేదని 1824లో ఏబెల్ రుజువు చేసినదాని వెనక ఈ ఆగిపోవడమే ఉంది.

అయిదుకు పోయే ముందు బల్ల మీద నాలుగో ముక్క కలిపి మీరే చేసి చూడండి. పనులు 24, కమ్యుటేటర్ ఉపసమూహంలో 12 రావాలి. మూడు ముక్కల్ని తిప్పే పనులు 8, ఏమీ చేయకపోవడం 1, మొత్తం 9 దగ్గర ఆగిపోయారంటే రెండు జంటల్నీ ఒకేసారి మార్చే పనుల్ని వదిలేశారన్నమాట. అవి 3 ఉన్నాయి. ముందు జంటను వెనక్కీ వెనక జంటను ముందుకీ పంపే పనినీ, మొదటి రెండు చోట్ల మార్పునూ తీసుకుని కమ్యుటేటర్ లెక్కిస్తే వాటిలో ఒకటి చేతికొస్తుంది.